ఒక్క హెల్మెట్, ఐదు రకాల దస్తావేజులు

ప్రశ్న: నేను గ్రూప్స్‌కి చదువుతున్నానండీ. రూల్స్, రెగ్యులేషన్లు, బైలాలు, ఉత్తర్వులు, నోటిఫికేషన్లు అన్నీ డెలిగేటెడ్ లెజిస్లేషన్ కిందికే వస్తాయని పుస్తకంలో ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. అన్నీ ఒకటే అయితే ఇన్ని పేర్లెందుకు? మా అపార్ట్‌మెంట్ బైలాలు, ప్రభుత్వం ఇచ్చే జీవోలు కూడా ఇందులోవేనా? ఒక కాగితం చేతికిస్తే అది ఏ రకమో ఎలా పోల్చుకోవాలి? చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

సమాధానం:

ఈ ఐదింటి నిర్వచనాలు బట్టీ పట్టడం మొదలుపెడితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. వాటికి గట్టి గీత గీసి చెప్పిన నిర్వచనాలు లేవు మరి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కూడా ‘రూల్’ అంటే ఏదైనా చట్టం ఇచ్చిన అధికారంతో చేసిన నియమం అంటుంది, రూల్‌గా చేసిన రెగ్యులేషన్ కూడా అందులోకే వస్తుందని ఇంకో మాట కలుపుతుంది. అందుకని పేరును పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరు చేశారు? ఏ చట్టంలోని ఏ సెక్షన్ వాళ్లకు ఆ అధికారం ఇచ్చింది? జనానికి తెలిసేలా ప్రచురించారా? మీకు రోజూ కనిపించే హెల్మెట్‌నే తీసుకుని చూద్దాం. ఐదు రకాల్లో నాలుగు దాని చుట్టూనే దొరుకుతాయి.

ముందు అసలు చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లో 129వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత అది చెప్పేదేమిటంటే, నాలుగేళ్లు దాటిన ఎవరైనా బహిరంగ ప్రదేశంలో మోటార్‌సైకిల్ మీద వెళ్తున్నప్పుడు, బండి నడిపేవాళ్లయినా వెనక కూర్చున్నవాళ్లయినా, కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. ఇది పార్లమెంటు స్వయంగా చేసిన శాసనం. ఎవరు పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి అనే అసలు విషయం ఇక్కడే తేలిపోయింది. ఈ విధాన నిర్ణయాన్ని పార్లమెంటు ఇంకొకరి చేతుల్లో పెట్టకూడదు.

మరి నాలుగేళ్ల లోపు పిల్లల సంగతి? వాళ్ల భద్రతకు తీసుకోవలసిన చర్యలను కేంద్ర ప్రభుత్వం ‘రూల్స్ ద్వారా’ నిర్ణయించవచ్చని అదే సెక్షన్‌లో ఒక ప్రొవిజో, అంటే సెక్షన్‌కు తగిలించిన ఉపవాక్యం, పెట్టారు. చట్టం చదివేటప్పుడు ఇలాంటి మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ‘రూల్స్ ద్వారా’, ‘నోటిఫికేషన్ ద్వారా’, ‘ఉత్తర్వు ద్వారా’ అని కనిపించిన ప్రతిచోటా పార్లమెంటు తన పనిలో కొంత భాగాన్ని ఇంకొకరికి అప్పగిస్తోందని అర్థం. ఆ అప్పగింత కింద తయారైనదే డెలిగేటెడ్ లెజిస్లేషన్, అంటే దత్త శాసనం.

ఆ ప్రొవిజో కింద ఏం జరిగిందో చూస్తే రూల్ ఎలా పుడుతుందో తెలుస్తుంది. 2021 అక్టోబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ముసాయిదా రూల్స్‌ను గెజిట్‌లో పెట్టి అభ్యంతరాలు, సూచనలు అడిగింది. ఇది మర్యాద కోసం చేసిన పని కాదు. ఈ చట్టం కింద రూల్ చేయాలంటే ముందుగా ముసాయిదా ప్రచురించాల్సిందేనని 212వ సెక్షన్ షరతు పెట్టింది. ముసాయిదాను ఎలా ప్రచురించాలి, వచ్చిన అభ్యంతరాలను ఏం చేయాలి అన్నది జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్‌లో ఉంటుంది. ఫలానా తేదీన లేదా ఆ తర్వాత ఈ ముసాయిదాను పరిశీలనకు తీసుకుంటామని నోటీసులో చెప్పాలి, ఆలోగా అందిన అభ్యంతరాలను పరిశీలించాలి.

తుది రూల్స్ 2022 ఫిబ్రవరి 15న గెజిట్‌లో వచ్చాయి. కేంద్ర మోటారు వాహనాల రూల్స్, 1989లో 138వ రూల్‌కు కొత్తగా ఒక ఉపనియమం చేరింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తుంటే వాళ్ల తలకు సరిపడే హెల్మెట్ పెట్టాలి. నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవాళ్లకు కలిపి ఉంచే బెల్టు లాంటి సేఫ్టీ హార్నెస్ వాడాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ప్రచురించిన ఏడాది తర్వాత ఇది అమల్లోకి వస్తుందని రూల్స్‌లోనే రాశారు. తేదీ ప్రత్యేకంగా చెప్పకపోతే గెజిట్‌లో వచ్చిన రోజు నుంచే అమలయ్యేది.

హార్నెస్ ఎలా ఉండాలి, వేగం 40 ఉండాలా 50 ఉండాలా అన్నది పార్లమెంటులో చర్చించి ఓటింగ్ పెట్టే విషయం కాదు. రేపు మెరుగైన హార్నెస్ వస్తే మళ్లీ చట్ట సవరణ బిల్లు తేలేం. అందుకే ఇలాంటి సాంకేతిక వివరాలను రూల్స్‌కి వదిలేస్తారు. అలాగని పార్లమెంటు పూర్తిగా చేతులు దులుపుకోదు. కేంద్రం చేసిన ప్రతి రూల్‌నూ ఉభయ సభల ముందు, సమావేశాలు జరుగుతున్న మొత్తం ముప్పై రోజుల పాటు ఉంచాలని అదే 212వ సెక్షన్ చెబుతుంది. సభలు వద్దంటే అక్కడి నుంచి ఆ రూల్ పోతుంది, మార్చమంటే మారుతుంది. వాస్తవంలో సభలు వద్దనడం చాలా అరుదు. ఈ కాపలా కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆచరణలో లేదని నా అభిప్రాయం.

రూల్ అంటే చట్టం కన్నా ఒక మెట్టు కింద ఉంటుంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదేమో అని కొందరనుకుంటారు. అదే చట్టంలోని 194డి సెక్షన్ చూడండి. 129వ సెక్షన్‌నే కాదు, దాని కింద చేసిన రూల్స్, రెగ్యులేషన్లను అతిక్రమించినా వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు మీద అనర్హత అని ఉంది. శిక్షను పార్లమెంటే చట్టంలో పెట్టింది, ఏం చేస్తే ఆ శిక్ష పడుతుందన్న వివరంలో కొంత భాగం రూల్‌లో ఉంది.

ఇప్పుడు రెగ్యులేషన్ల దగ్గరికి వద్దాం. ‘రూల్స్ ప్రభుత్వం చేస్తుంది, రెగ్యులేషన్లు చట్టబద్ధ సంస్థ చేస్తుంది’ అని మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఎక్కువసార్లు అది నిజమే. యూజీసీ చట్టం, 1956 దీనికి చక్కటి ఉదాహరణ. 25వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం రూల్స్ చేస్తుంది, 26వ సెక్షన్ కింద యూజీసీ రెగ్యులేషన్లు చేస్తుంది. పైగా ఆ రెగ్యులేషన్లు చట్టానికీ, కేంద్రం చేసిన రూల్స్‌కీ అనుగుణంగా ఉండాలని అక్కడే రాసి ఉంది. ర్యాగింగ్ మీద 2009లో వచ్చినవి ఈ 26వ సెక్షన్ కింద చేసిన రెగ్యులేషన్లే.

కానీ మన హెల్మెట్ చట్టానికి వస్తే ఈ సూత్రం తప్పుతుంది. 118వ సెక్షన్ కింద బండి నడిపే పద్ధతికి సంబంధించిన రెగ్యులేషన్లను చేసేది సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే. ఇప్పుడున్న మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్లు, 2017 అలా వచ్చినవే. రోడ్డుకు ఎడమవైపు ఉండడం, ఓవర్‌టేక్ చేయడం, దారివ్వడం వంటివి వాటిలో ఉంటాయి. సరిగ్గా దీనికి ఎదురు ఉదాహరణ న్యాయవాదుల చట్టం, 1961. బార్ కౌన్సిల్ ప్రభుత్వం కాదు, చట్టబద్ధ సంస్థ. అయినా అది చేసే వాటిని ఆ చట్టం రూల్స్ అనే పిలుస్తుంది. పరీక్షలో నిర్వచనం అడిగితే పుస్తకంలోని సూత్రమే రాయండి, కాకపోతే ‘సాధారణంగా’ అనే మాట తప్పకుండా చేర్చండి.

ఉత్తర్వు అంటే చాలామందికి ఒక ఉద్యోగి బదిలీ కాగితమే గుర్తొస్తుంది. డెలిగేటెడ్ లెజిస్లేషన్‌లో ఉత్తర్వు వేరు. మన హెల్మెట్‌నే చూడండి. 129వ సెక్షన్ పెట్టుకునేవాళ్ల గురించి మాట్లాడింది. నాసిరకం హెల్మెట్ తయారు చేసి అమ్మేవాళ్ల మాటేమిటి? దానికి ఇంకో చట్టం ఉంది, బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ చట్టం, 2016. దాని 16వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం బ్యూరోను సంప్రదించి, గెజిట్‌లో ప్రచురించే ఉత్తర్వు ద్వారా, ఫలానా వస్తువుకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేయవచ్చు. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్ల మీద 2020 నవంబరులో అలాంటి నాణ్యత నియంత్రణ ఉత్తర్వు వచ్చి, 2021 జూన్ 1 నుంచి అమలైంది. అది ఒక కంపెనీకో ఒక దుకాణానికో ఇచ్చింది కాదు, హెల్మెట్ తయారు చేసే, అమ్మే అందరికీ వర్తిస్తుంది. అందుకే పేరు ఉత్తర్వయినా స్వభావంలో అది శాసనం.

ఈ తేడాను నిత్యావసర వస్తువుల చట్టం, 1955 చాలా స్పష్టంగా రాసింది. 3వ సెక్షన్ కింద ఇచ్చే ఉత్తర్వు అందరికీ లేదా ఒక వర్గానికి వర్తించేదైతే గెజిట్‌లో ప్రచురించాలి, ఒక వ్యక్తికి ఇచ్చేదైతే ఆ వ్యక్తికి అందజేయాలి అంటుంది. వంటగ్యాస్ సరఫరాను నియంత్రించే 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు మొదటి రకం. ఒకే సెక్షన్, ఒకే పేరు. ఒకటి శాసనం, ఇంకొకటి పాలనాపరమైన చర్య. మీ చేతిలో ఉన్న ఉత్తర్వు ఏ రకమో తెలియాలంటే అది ఎవరిని ఉద్దేశించిందో చూస్తే చాలు.

నోటిఫికేషన్ దగ్గర విద్యార్థులు ఎక్కువగా తడబడతారు, ఎందుకంటే దానికి రెండు పాత్రలు ఉన్నాయి. ఒకటి, మిగతావాటిని జనం ముందుకు తెచ్చే సాధనం. 2022లో పిల్లల హెల్మెట్ రూల్ వచ్చింది గెజిట్ నోటిఫికేషన్ రూపంలోనే. అంతమాత్రాన అది రూల్ కాకుండా పోదు. రెండోది, నోటిఫికేషనే స్వయంగా శాసనం కావడం. అదే చట్టంలో 112వ సెక్షన్ చూడండి. ఏ తరగతి వాహనం ఎంత వేగం దాటకూడదో కేంద్రం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తుంది. ఫలానా వంతెన మీద లేదా రోడ్డు మీద వేగం ఇంకా తగ్గించాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ, నోటిఫికేషన్ ఇచ్చి అక్కడ బోర్డు కూడా పెట్టాలి. ఆ ఆంక్ష నెల రోజులు మించకపోతే నోటిఫికేషన్ అక్కర్లేదని మినహాయింపు ఉంది. ఇక్కడ వేరే రూల్ ఏమీ లేదు, నోటిఫికేషన్‌లో రాసిన అంకే మిమ్మల్ని కట్టడి చేస్తుంది.

చట్టానికి ప్రాణం పోసేది కూడా చాలాసార్లు నోటిఫికేషనే. మోటారు వాహనాల చట్టం 1988లో పాసైనా, 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చాకే. ‘చట్టం వచ్చింది కదా, ఎందుకు అమలు కావడం లేదు’ అని ఎవరైనా అడిగితే, మొదట చూడాల్సింది ఆ సెక్షన్‌కు నోటిఫికేషన్ వచ్చిందా లేదా అని.

హెల్మెట్‌కు దొరకనిది బైలా ఒక్కటే. బైలాలు చేసేది స్థానిక సంస్థలు, అంటే మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల వంటివి. అవి ఆ ఊరి పరిధిలోనే చెల్లుతాయి. మున్సిపల్ చట్టాల్లో సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాకే అవి అమల్లోకి వస్తాయని ఉంటుంది. బైలా కొన్నిసార్లు చట్టానికి రెండు మెట్లు కింద కూడా పుడుతుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం 2016లో ఘన వ్యర్థాల నిర్వహణ రూల్స్ చేసింది. ఆ రూల్స్‌కు తగ్గట్టు ఏడాదిలోగా బైలాలు చేసుకోండి, చెత్త పారేసేవాళ్ల మీద అక్కడికక్కడే వేసే జరిమానాను వాటిలో పెట్టండి అని వాటిలోనే స్థానిక సంస్థలకు చెప్పారు. చట్టం పార్లమెంటుది, రూల్స్ కేంద్రానివి, బైలా మీ ఊరిది.

మీ అపార్ట్‌మెంట్ బైలాలు మాత్రం ఇందులోకి రావు. ఈ విషయం తేల్చిన కేసు మన హైదరాబాద్ నుంచే వెళ్లింది. ఒక సహకార బ్యాంకు ఉద్యోగుల సర్వీసు షరతులు ఆ బ్యాంకు బైలాల్లో ఉన్నాయి. బైలాలకు చట్టబలం ఉంది కాబట్టి పారిశ్రామిక ట్రిబ్యునల్ వాటికి విరుద్ధంగా తీర్పివ్వలేదని బ్యాంకు వాదించింది. సహకార సంఘం బైలాలు కంపెనీల ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ లాంటివని, సభ్యుల మధ్య సంబంధాలకు, సంఘం లోపలి నిర్వహణకు సంబంధించినవే తప్ప వాటికి చట్టబలం లేదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. సొసైటీగా రిజిస్టర్ చేసుకున్న మీ అపార్ట్‌మెంట్ సంఘం బైలాలనూ ఇదే దృష్టితో చూడాలి. అవి సభ్యులను కట్టడి చేస్తాయి, కాకపోతే ఒప్పందంలా. మున్సిపల్ బైలా మాత్రం మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వర్తిస్తుంది. పేరు ఒకటే అయినా అధికారం ఎక్కడి నుంచి వచ్చిందనే దాంట్లో తేడా ఉంది.

ఈ అధికారం దాటితే ఏమవుతుందో ఒక కేసులో చూడండి. 45 ఏళ్లు నిండినవాళ్లు న్యాయవాదులుగా నమోదు కావడానికి వీల్లేదని భారత బార్ కౌన్సిల్ ఒకప్పుడు ఒక రూల్ చేసింది. గెజిట్, ప్రచురణ వంటివన్నీ సరిగ్గానే ఉన్నాయి. 1995లో సుప్రీంకోర్టు ఆ రూల్‌ను కొట్టేసింది. బార్ కౌన్సిల్ ఆధారం చేసుకున్న 49వ సెక్షన్‌లోని క్లాజు, న్యాయవాది ఏ షరతులకు లోబడి ప్రాక్టీసు చేయాలో చెప్పే అధికారం ఇస్తుంది. న్యాయవాదిగా చేరాక వర్తించే షరతులవి. అసలు చేరడానికే అడ్డుగా వయసు పెట్టడం ఆ క్లాజులో ఇమడదు, నమోదుకు అదనపు షరతులు పెట్టే అధికారాన్ని చట్టం రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఇచ్చింది. దానికి తోడు 45 దాటినవాళ్లను మాత్రమే పక్కన పెట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమని కూడా కోర్టు అంది. కోర్టులు ఇలాంటి రూల్‌ను ‘అల్ట్రా వైరెస్’ అంటాయి, అంటే ఇచ్చిన అధికారానికి బయట ఉన్నదని.

ప్రచురణ విషయంలోనూ పట్టింపు ఎంత ఉంటుందో 1951 నాటి హర్లా కేసు చెబుతుంది. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో ఒక తీర్మానంతో నల్లమందు చట్టం చేసింది, కానీ దాన్ని ఎక్కడా ప్రచురించలేదు. ఆ చట్టం కింద హర్లాకు 50 రూపాయల జరిమానా పడింది. తెలిసే అవకాశమే లేని చట్టం కింద ఒకరిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఆ సూత్రాన్నే ఇప్పుడు రూల్స్‌కీ ఉత్తర్వులకీ వర్తింపజేస్తున్నారు.

ఇక కాగితం పోల్చుకునే పని. కేంద్ర గెజిట్‌లో మొదటి పేజీ పైన జి.ఎస్.ఆర్. అని ఉంటే అది సాధారణంగా రూల్స్ తరహా, ఎస్.ఓ. అని ఉంటే ఉత్తర్వు లేదా నోటిఫికేషన్ తరహా. పక్కన బ్రాకెట్లో ఇ అక్షరం ఉంటే అసాధారణ సంచికలో వచ్చిందని గుర్తు. ఆ తర్వాత మొదటి వాక్యం మీద కళ్లు నిలపండి. ‘మోటారు వాహనాల చట్టం, 1988లోని ఫలానా సెక్షన్ ద్వారా సంక్రమించిన అధికారాలను వినియోగించి, కేంద్ర ప్రభుత్వం ఈ కింది రూల్స్ చేస్తున్నది’ అన్న తరహాలో ఉంటుంది. మీరు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

జీవోలకీ అదే పరీక్ష. జీవో అనేది కవరు లాంటిది, లోపల ఏముందో తెరిచి చూడాలి. కొన్ని జీవోలకు ఒక చట్టం కింద చేసిన రూల్స్‌ను నోటిఫికేషన్‌గా జతచేసి గెజిట్‌లో ప్రచురించమంటారు, అవి డెలిగేటెడ్ లెజిస్లేషన్. కొన్నింటిలో ఏ చట్టం ప్రస్తావనా ఉండదు. ఏదో పథకానికి మార్గదర్శకాలు ఇస్తారు, నిధులు మంజూరు చేస్తారు. అవి రాజ్యాంగం 162వ అధికరణ ప్రకారం రాష్ట్రానికి ఉన్న కార్యనిర్వాహక అధికారంతో ఇచ్చిన ఆదేశాలు. వాటికీ విలువ ఉంది, కానీ అవి చట్టబద్ధమైన రూల్‌ను తోసిరాజనలేవు. రూల్ ఒకటి చెప్పి, తర్వాత వచ్చిన మామూలు జీవో ఇంకొకటి చెబితే నిలిచేది రూలే. రూల్‌ను మార్చాలంటే మళ్లీ రూల్ చేసే పద్ధతిలోనే సవరించాలి. ముసాయిదా ప్రచురించే షరతు ఉంటే దాన్ని కూడా పాటించాలని జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్ నుంచే తేలుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మొదటి వాక్యంలో సెక్షన్ నంబరు తప్పు పడిందనో, అసలు రాయలేదనో దొరికినంత మాత్రాన ఆ రూల్ చెల్లదని జవాబు రాసేయకండి. చట్టంలో ఎక్కడైనా ఆ అధికారం నిజంగా ఉంటే, తప్పు సెక్షన్ ఉదహరించినా రూల్ నిలబడుతుందని కోర్టులు చాలాసార్లు చెప్పాయి.